కొత్త యూజర్ మొదటి స్కాన్ పూర్తిచేసేలా: టూల్‌టిప్‌లు, మొదటి స్క్రీన్ మాటలు సరిదిద్దే పద్ధతి

కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పీడీఎఫ్‌గా దాచిపెట్టే యాప్ అది. దాన్ని మొదటిసారి తెరుస్తున్న ఒకాయన పక్కన కూర్చుని చూస్తున్నాను. స్వాగతం స్లైడులు మూడింటినీ చకచకా పక్కకు నెట్టేశారు. కెమెరా పర్మిషన్ అడిగితే ఓ క్షణం ఆలోచించి ఇచ్చారు. హోం స్క్రీన్ మీద ఒకదాని వెనక ఒకటి వచ్చిన ఐదు టూల్‌టిప్‌లను ‘తర్వాత, తర్వాత, తర్వాత, తర్వాత, అర్థమైంది’ అని నొక్కుకుంటూ పోయారు. కాగితం ఫోటో తీశారు. నాలుగు మూలలా నీలి చుక్కలున్న స్క్రీన్ వచ్చింది. అక్కడ ఆగిపోయి నావైపు చూశారు: “ఇప్పుడేం చెయ్యాలండీ?”

ఆ చుక్కల్ని ఏం చెయ్యాలో చెప్పే టూల్‌టిప్ మా యాప్‌లో ఉంది. ఐదింటిలో మూడోది అదే. కాకపోతే ఆ చుక్కలు కంటికి కనబడకముందే, వేరే స్క్రీన్ మీద, దాన్ని చూపించేశాం.

మొదటి పని మధ్యలో వదిలేసి వెళ్లేవాళ్లలో చాలామంది కథ ఇదే. మాట ఉంటుంది, అవసరమైన చోట మాత్రం ఉండదు. అందుకే ఈ మార్గదర్శిలో మాటల్ని అందంగా రాయడం గురించి తక్కువ, సరైన చోటికి జరపడం గురించి ఎక్కువ ఉంటుంది. మొదటినుంచి చివరిదాకా ఈ స్కానర్ యాప్‌నే ఉదాహరణగా పట్టుకుందాం.

1. మొదటి పని ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి

దిద్దుబాటు మొదలుపెట్టే ముందు టీమ్ అంతా కలిసి ఒక వాక్యం దగ్గర ఒప్పుకోవాలి. మేం రాసుకున్నది ఇది: “కొత్త యూజర్ ఒక కాగితాన్ని ఫోటో తీసి, అంచులు సరిచూసుకుని, పీడీఎఫ్‌గా సేవ్ చేసి, ఆ ఫైల్‌ని తెరిచి చూసుకున్నారు.”

చివరి ముక్క దగ్గర చాలాసేపు వాదన నడిచింది. సేవ్ అయితే పని అయిపోయినట్టే కదా అన్నారు డెవలపర్. యాప్ వైపునుంచి చూస్తే అయిపోయినట్టే. కానీ ఫైల్ ఎక్కడికి పోయిందో తెలియని మనిషి దృష్టిలో ఆ కాగితం పోయినట్టే. వాళ్లు మళ్లీ మొదటినుంచి స్కాన్ చేస్తారు, లేదా యాప్ తీసేస్తారు. కాబట్టి ‘తెరిచి చూసుకున్నారు’ అన్న మాట వాక్యంలో ఉండాల్సిందే.

ఎకౌంట్ తెరవడం, నోటిఫికేషన్లకు ఒప్పుకోవడం మొదటి పని కావు. అవి మనకు కావలసినవి. యూజర్ ఏం చేతిలో పట్టుకుని యాప్ దగ్గరికి వచ్చారో అది పూర్తవడమే మొదటి పని.

2. దారిలో కనబడే ప్రతి మాటనూ బయటికి తీయండి

స్ట్రింగ్స్ ఫైల్ తెరిచి వరుసగా చదివితే చాలనుకోకండి. అందులో మాటలు ఉంటాయి గానీ, ఏది ఏ మాట తర్వాత కనబడుతుందో ఉండదు. ఫోన్ సిస్టమ్ చూపించే పర్మిషన్ డబ్బా, సర్వర్ నుంచి వచ్చే ఎర్రర్లు, బొమ్మల్లోనే అచ్చైపోయిన అక్షరాలు అందులో దొరకవు. అందుకని యాప్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసినట్టు ఖాళీ చేసి, స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకుని, మొదటి పనిని మీరే ఒకసారి చేయండి. ఆండ్రాయిడ్‌లో ప్రతిసారీ తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఈ ఒక్క కమాండ్‌తో డేటా చెరిగి, ఇచ్చిన పర్మిషన్లు కూడా మొదటికి వస్తాయి (ప్యాకేజీ పేరు మీది పెట్టుకోండి):

```
adb shell pm clear com.example.scanner
```

రికార్డింగ్ ఆపుతూ చూస్తూ, ప్రతి మాటనూ ఒక షీట్‌లో ఎక్కించండి. మూడు గళ్లు చాలు: మాట, అది కనబడే క్షణానికి యూజర్‌కు అప్పటికే తెలిసినది, ఆ తర్వాత వేలు నొక్కాల్సిన చోటు. మూడో గడి ఖాళీగా ఉన్న వరుసలకు రంగు వేయండి. మా షీట్‌లో స్వాగతం స్లైడులు మూడూ, ఐదు టూల్‌టిప్‌లలో నాలుగూ రంగు వేయించుకున్నాయి. అంటే అవి చదివాక చేయడానికి అక్కడ ఏ పనీ లేదు.

3. ఎక్కడ ఆగుతున్నారో అంకెల్లో, ఎందుకు ఆగుతున్నారో మనుషుల్లో చూడండి

మొదటి పనిలో ఉన్న ప్రతి మెట్టుకూ ఒక ఈవెంట్ ఉండాలి. మా జాబితా ఇది:

```
app_first_open
camera_permission_result
photo_taken
edges_confirmed
pdf_saved
first_pdf_opened
```

లెక్క ఎలా చదవాలో ఊహించిన అంకెలతో చెబుతాను. 1000 మంది యాప్ తెరిచారు, 620 మంది ఫోటో తీశారు, 380 మంది అంచుల స్క్రీన్ దాటారు, 350 మంది సేవ్ చేశారు, 210 మంది ఫైల్ తెరిచారు అనుకోండి. ఫోటో తీయకుండానే పోయిన 380 మందిని చూసి కంగారుపడి అందరూ మొదటి స్క్రీన్‌తోనే మొదలెడతారు. కానీ అక్కడ పోయినవాళ్లలో ఊరికే చూద్దామని తెరిచినవాళ్లూ ఉంటారు. ఫోటో తీసిన తర్వాత పోయిన 240 మంది మాత్రం చేతిలో కాగితం పెట్టుకుని వచ్చినవాళ్లు. సేవ్ చేసి కూడా ఫైల్ తెరవని 140 మంది పని దాదాపు పూర్తిచేసినవాళ్లు. మాట మార్చినందుకు ఫలితం ముందుగా దొరికేది వీళ్ల దగ్గరే.

అంకెలు ఎక్కడో చెబుతాయి, ఎందుకో చెప్పవు. దానికి ఐదారుగురిని ఒక్కొక్కరుగా కూర్చోబెట్టి చూడాలి. వాళ్లకు “ఇది స్కాన్ చేయండి” అని చెప్పకండి. అలా అంటే నొక్కాల్సిన బటన్ పేరు మీరే అందించినట్టు. ఒక కాగితం చేతికిచ్చి, “దీన్ని ఈ యాప్‌తో పీడీఎఫ్ చేసి నాకు పంపండి” అని ఊరుకోండి. ఆ తర్వాత నోరు మెదపకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. పక్కన మనిషి తప్పు బటన్ చుట్టూ వేలు తిప్పుతుంటే నాలుక దురద పెడుతుంది.

వాళ్లు పైకి అనే మాటల్ని ఉన్నవున్నట్టు రాసుకోండి. మా దగ్గర అంచుల స్క్రీన్ గురించి చెప్పే టూల్‌టిప్‌లో “క్రాప్ ప్రాంతాన్ని సర్దుబాటు చేయండి” అని ఉండేది. చూసినవాళ్లలో ఒక్కరి నోటా ‘క్రాప్’ రాలేదు, ‘సర్దుబాటు’ రాలేదు. “అంచులు కత్తిరించాలా?”, “గీత కాగితం మీదికి రావాలా?” అన్నారు. కొత్త వాక్యానికి కావలసిన మాటలు అక్కడే దొరికాయి.

4. చివరి స్క్రీన్ నుంచి వెనక్కి దిద్దుకుంటూ రండి

మొదటి స్క్రీన్‌తో మొదలుపెడితే, తర్వాతి స్క్రీన్ల లోపాలన్నీ ముందే వివరించేద్దాం అనిపిస్తుంది. స్వాగతం స్లైడులు పుట్టేది అలాగే. చివరినుంచి వస్తే ప్రతి స్క్రీన్ తన మాట తను చెప్పుకుంటుంది, మొదటి స్క్రీన్‌కు వచ్చేసరికి చెప్పడానికి మిగిలేది చాలా తక్కువ.

*సేవ్ అయిన తర్వాత.* పాత యాప్‌లో సేవ్ కాగానే అడుగున “ఫైల్ విజయవంతంగా సేవ్ చేయబడింది” అని టోస్ట్ వచ్చి పోయేది. ఆండ్రాయిడ్‌లో టోస్ట్ ఎక్కువసేపు ఉంచినా మూడున్నర సెకన్లే ఉంటుంది. ఆ సమయంలో యూజర్ కళ్లు ఇంకా కాగితం బొమ్మ మీదే ఉంటాయి. పైగా ఆ వాక్యంలో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఎక్కడ సేవ్ అయిందో లేదు, ఏ పేరుతోనో లేదు. ‘విజయవంతంగా’ ఎవరికీ అక్కర్లేదు, ‘చేయబడింది’ ఎవరూ అలా మాట్లాడరు.

కొత్తదాంట్లో టోస్ట్ తీసేసి, అదే స్క్రీన్ మీద నిలిచి ఉండేలా పెట్టాం: “పీడీఎఫ్ సేవ్ అయింది”, కింద ఫైల్ పేరు, దాని కింద రెండు బటన్లు, ‘తెరువు’, ‘పంపు’. ఫైల్ పేరు కూడా మాటే, దాన్నీ దిద్దాలి. తేదీ, సమయం అంకెలు గుదిగుచ్చిన పేరు చూసి అది తన కాగితమేనని ఎవరూ గుర్తుపట్టలేరు. మొదటి ఫైల్‌కు ‘స్కాన్ 1’ అని పేరు పెట్టి, పక్కనే చిన్న బొమ్మ చూపిస్తే చాలు.

*అంచుల స్క్రీన్.* ఎక్కువసేపు కూర్చున్నది దీని దగ్గరే. ఫోటో తీయగానే యాప్ తనంతట తనే కాగితం అంచులు కనిపెట్టి చుట్టూ గీత గీస్తుంది. చాలాసార్లు ఆ గీత సరిగ్గానే ఉంటుంది. అంటే యూజర్ చేయాల్సిందల్లా ఒకసారి చూసి సరే అనడమే. కానీ మా టూల్‌టిప్ ఏమంది? “మూలలను లాగి క్రాప్ ప్రాంతాన్ని సర్దుబాటు చేయండి” అంది. హోం స్క్రీన్ మీద దాన్ని నిజంగానే చదివిన కొద్దిమందీ, గీత సరిగ్గా ఉన్నా చుక్కల్ని లాగి పాడుచేశారు. చదవనివాళ్లు ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయారు. చదివినా చదవకపోయినా నష్టమే.

స్క్రీన్ పైన ‘సవరణ’ అనీ, అడుగున ‘నిర్ధారించు’, ‘రద్దు’ అనీ ఉండేవి. దేన్ని నిర్ధారించాలి? దేన్ని రద్దు చేస్తుంది, ఈ కత్తిరింపునా, మొత్తం ఫోటోనా? ‘రద్దు’ నొక్కితే ఫోటో పోతుందేమోనని ఒకరు వేలు వెనక్కి తీసుకోవడం కళ్లారా చూశాను. నిజానికి పోతుంది కూడా.

అందుకని పై మాటను ప్రశ్నగా, బటన్లను దానికి జవాబులుగా మార్చాం.

పైన: “గీత కాగితం అంచుల మీదే ఉందా?”
పెద్ద బటన్: “ఉంది, కత్తిరించు”
చిన్న బటన్: “మళ్లీ ఫోటో తీయి”

గీత సరిగ్గా లేనివాళ్లకు మాత్రమే టూల్‌టిప్ కావాలి. అంచులు కనిపెట్టే కోడ్‌కు తను ఎంత నమ్మకంగా గీసిందో తెలుస్తుంది. నమ్మకం తక్కువైనప్పుడు, లేదా యూజర్ ఏమీ ముట్టుకోకుండా కొన్ని సెకన్లు ఉండిపోయినప్పుడు, ఒక్క చుక్క పక్కన ఈ వాక్యం వస్తుంది: “గీత పక్కకు పోతే, ఈ చుక్కను కాగితం మూలకు లాగండి.” చుక్క కదలగానే అది మాయమవుతుంది. నాలుగు చుక్కలకూ చెప్పక్కర్లేదు, ఒకటి కదిలిస్తే మిగతా మూడూ అర్థమైపోతాయి.

*కెమెరా స్క్రీన్.* ఫ్లాష్, గ్యాలరీ, ఎక్కువ పేజీలు అన్న మూడు గుర్తులకు ఆ ఐదింటిలో మూడు టూల్‌టిప్‌లు ఉండేవి. మూడూ తీసేశాం. మొదటి పనికి అవేవీ అక్కర్లేదు. ఫోటో బటన్ పైన ఒక్క వరస ఉంచాం: “కాగితం నాలుగు మూలలూ కనబడేలా పట్టుకోండి.”

*పర్మిషన్.* ఇక్కడ మాట తప్పితే మళ్లీ అవకాశం రావడం కష్టం. ఐఫోన్‌లో కెమెరా పర్మిషన్ డబ్బా ఒక్కసారే వస్తుంది. వద్దంటే ఆ తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవాల్సిందే. ఆండ్రాయిడ్ 11 నుంచి, రెండుసార్లు వద్దంటే ఇక అడగొద్దన్నట్టే లెక్క. అందుకే యాప్ తెరవగానే అడగడం మానేసి, యూజర్ స్వయంగా స్కాన్ బటన్ నొక్కిన వెంటనే అడగాలి. కెమెరా ఎందుకో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు, ఆ పని కోసమే కదా నొక్కారు.

ఐఫోన్ డబ్బాలో మనం రాయగలిగే వాక్యం ఒకటి ఉంటుంది. దాన్ని డెవలపర్ తొందరలో “యాప్‌కు కెమెరా యాక్సెస్ అవసరం” అని నింపేస్తుంటారు. ఎందుకో చెప్పండి:

```xml
<key>NSCameraUsageDescription</key>
<string>మీ ముందున్న కాగితాన్ని ఫోటో తీయడానికి కెమెరా కావాలి.</string>
```

ఆ డబ్బాకు ముందు మీ సొంత వివరణ స్క్రీన్ పెడితే, దాని మీద ‘అనుమతించు’ అని బటన్ పెట్టకండి, ‘కొనసాగించు’ అని పెట్టండి. ఆపిల్ డిజైన్ సూచనలు కూడా ఇదే చెబుతాయి. ‘అనుమతించు’ ఒకసారి నొక్కినవాళ్లకు మళ్లీ అదే మాట కనబడితే, ఇందాక నొక్కాను కదా అన్న విసుగులో రెండోదాన్ని కాదనేస్తారు.

కాదన్నవాళ్ల కోసం రాసే స్క్రీన్‌ను చాలామంది మరిచిపోతారు. మేం రాశాం గానీ తప్పు రాశాం: “సెట్టింగ్స్‌లో కెమెరా ఆన్ చేసి ఇక్కడికే తిరిగి రండి.” ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో కెమెరా స్విచ్ మార్చగానే సిస్టమ్ ఆ యాప్‌ను మూసేస్తుంది. తిరిగొస్తే యాప్ మొదటినుంచి తెరుచుకుంటుంది, ‘ఇక్కడికే’ అన్నది అబద్ధమైపోతుంది. ఇప్పుడు ఇలా ఉంది: “కెమెరా ఆఫ్‌లో ఉంది. సెట్టింగ్స్‌లో ఆన్ చేసి, మళ్లీ ‘కాగితం స్కాన్ చేయి’ నొక్కండి.” దాని కింద రెండు దారులు: ‘సెట్టింగ్స్ తెరువు’, ‘గ్యాలరీలోని ఫోటో వాడు’. రెండో దారి ఉంటే కెమెరా ఇవ్వకపోయినా మొదటి పని పూర్తవుతుంది.

*మొదటి స్క్రీన్.* చివరికి దీని దగ్గరికి వచ్చాం. స్లైడులు మూడూ తీసేశాం. ఖాళీ జాబితా మధ్యలో “ఇక్కడ ఇంకా ఏమీ లేదు” అని, మూల ఒక గుండ్రటి ప్లస్ గుర్తు ఉండేవి. ఆ ప్లస్‌ను చూపిస్తూ “కొత్త పత్రాన్ని జోడించడానికి ఇక్కడ నొక్కండి” అని ఒక టూల్‌టిప్. ఒక గుర్తుకు ఎప్పుడూ టూల్‌టిప్ తోడుండాలంటే, ఆ గుర్తు మీద మాటే రాసేస్తే పోయేది. ఇప్పుడు ఖాళీ చోట రెండే ఉన్నాయి: “మీరు స్కాన్ చేసిన కాగితాలు ఇక్కడ ఉంటాయి” అన్న వాక్యం, “కాగితం స్కాన్ చేయి” అన్న పెద్ద బటన్. ఆ వాక్యం వల్ల ఇంకో లాభం ఉంది. ఫైల్ ఎక్కడికి పోతుందన్న సందేహానికి ముందే జవాబు చెబుతుంది.

మరి ఫోటోలోంచి అక్షరాలు చదివే గొప్ప ఫీచర్ గురించి ఎక్కడ చెప్పాలని మార్కెటింగ్ వాళ్లు అడుగుతారు. మొదటి పీడీఎఫ్ తెరిచాక చెప్పండి. అక్కడ అక్షరాలున్న పేజీ వాళ్ల కళ్ల ముందే ఉంటుంది.

5. మిగిలిన టూల్‌టిప్‌లకు పరీక్ష

ఇంత దిద్దాక కూడా కొన్ని టూల్‌టిప్‌లు ఉంచాలనిపిస్తుంది. ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. ఇదే మాట బటన్ మీదో స్క్రీన్ పైనో రాయవచ్చా? చదివిన మరుక్షణం చేయగలిగిన పని ఉందా? చదవకుండా మూసేస్తే పని ఆగిపోతుందా? మొదటిదానికి అవునని వస్తే మాటను అక్కడికి జరపండి. రెండోదానికి కాదని వస్తే తీసేయండి. మూడోదానికి అవునని వస్తే అది ఇంకా పెద్ద చిక్కు. చదవకపోతే పని ఆగిపోయేంత అవసరమైన మాటను మూసేయగలిగే డబ్బాలో పెట్టకూడదు, స్క్రీన్‌నే మార్చాలి.

నిలిచినవాటిని రాసేటప్పుడు ముందు సందర్భం, తర్వాత పని చెప్పండి. “గీత పక్కకు పోతే” ముందుంది కాబట్టి, పక్కకు పోనివాళ్లు మిగతాది చదవరు, చదవక్కర్లేదు కూడా. ఒక టూల్‌టిప్‌లో ఒకే క్రియ ఉండాలి. రెండు వరసలు దాటితే అది టూల్‌టిప్ పని కాదు.

మాట బాగున్నా ప్రవర్తన చెడగొట్టే చోట్లు రెండున్నాయి. వీటిని ఫోన్ చేతిలో పట్టుకుని పరీక్షిస్తే తప్ప కనబడవు. మొదటిది: టూల్‌టిప్ ఒక బటన్‌ను చూపిస్తుంది, మిగతా స్క్రీన్ మసకబారుతుంది, యూజర్ చూపించిన బటన్‌నే నొక్కుతారు. టూల్‌టిప్ మూసుకుపోతుంది అంతే, బటన్ పనిచేయదు. చెప్పినట్టే చేసిన మనిషికి ఏమీ జరగలేదు. ఆ నొక్కు బటన్‌కు చేరాలని డెవలపర్‌కు రాసి ఇవ్వండి. రెండోది ‘చూశారు’ అన్న గుర్తు. టూల్‌టిప్ తెరమీదికి రాగానే చూశారని రాసుకుంటే, ఆ క్షణాన ఫోన్ మోగి వేరే యాప్‌లోకి వెళ్లినవాళ్లకు అది మళ్లీ రాదు. పని చేసినప్పుడు రాసుకోవాలి. అలాగని ప్రతిసారీ వెంటాడకుండా, రెండుసార్లు చూపించి ఆపేయండి.

టూల్‌టిప్‌ను టైమర్‌తో మాయం చేయకండి, నెమ్మదిగా చదివేవాళ్లు సగంలో ఉంటారు. స్క్రీన్‌ను చదివి వినిపించే టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ వాడేవాళ్లకు “ఈ చుక్క” అంటే ఏ చుక్కో తెలియదు. చుక్కలకు ‘పైన ఎడమ మూల’ లాంటి పేర్లు విడిగా ఇవ్వాలి.

6. తెలుగులో రాసేటప్పుడు ప్రత్యేకంగా చూడాల్సినవి

బటన్ మీద ‘సేవ్ చేయి’ అనాలా, ‘సేవ్ చేయండి’ అనాలా అన్న వాదన ప్రతి టీమ్‌లోనూ వస్తుంది. నేను పాటించే లెక్క ఇది: బటన్ యూజర్ ఫోన్‌కు చెప్పే మాట, కాబట్టి ‘చేయి’. వాక్యం యాప్ యూజర్‌కు చెప్పే మాట, కాబట్టి ‘చేయండి’. ఈ తేడా పట్టుకుంటే బటన్లు పొట్టిగా ఉంటాయి, వాక్యాల్లో మర్యాదా పోదు. అన్నిటికీ ‘చేయండి’ అని పెట్టేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పు కాదు. ఒకే స్క్రీన్ మీద రెండు బటన్లు రెండు రకాలుగా ఉంటేనే చిరాకు.

యూజర్ పేరో ఫైల్ పేరో మధ్యలో దూర్చే వాక్యాలతో జాగ్రత్త. ‘%1$sకు పంపు’ అని రాస్తే పేరును బట్టి ‘రవికు’ అని వస్తుంది. ‘కి’ పెడితే ఇంకెక్కడో తేడా కొడుతుంది. విభక్తి అవసరం లేకుండా వాక్యాన్నే తిప్పండి: ‘పంపేది: %1$s’. సంఖ్యల దగ్గర క్రియ కూడా మారుతుంది కాబట్టి వాక్యం మొత్తాన్నీ రెండు రకాలుగా ఇవ్వాలి, ‘పేజీ’ని ఒక్కదాన్నే మారిస్తే సరిపోదు:

```xml
<plurals name="pages_saved">
  <item quantity="one">%1$d పేజీ సేవ్ అయింది</item>
  <item quantity="other">%1$d పేజీలు సేవ్ అయ్యాయి</item>
</plurals>
```

ఇక ఎత్తు సంగతి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడా ఎత్తు కట్టేసిన బటన్‌లో ‘కత్తిరించు’ రాస్తే ‘త్తి’ కింద వత్తు తెగిపోతుంది. డిజైన్ ఫైల్‌లో బాగానే ఉంటుంది, ఫోన్‌లోనే తెగుతుంది. బటన్ ఎత్తు మాటను బట్టి పెరిగేలా ఉండాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకోవచ్చు. ఆ సైజులో పెట్టి చూస్తే “ఉంది, కత్తిరించు” రెండు వరసలవుతుంది, పర్వాలేదు. “ఉంది, కత్తి…” అయితే మాత్రం దిద్దాలి.

7. మార్పు పనిచేసిందో లేదో చూడటం

వారానికి కొన్ని వందల మంది కొత్త యూజర్లే వచ్చే యాప్‌లో ప్రతి వాక్యానికీ ఏ/బీ టెస్ట్ పెడితే ఏ తేడా నిజమో తేలదు. ఒక స్క్రీన్ మాటలన్నీ ఒకేసారి మార్చి, మార్పుకు ముందు ఇన్‌స్టాల్ చేసినవాళ్లనూ తర్వాత ఇన్‌స్టాల్ చేసినవాళ్లనూ పోల్చండి. అదే వారంలో ప్రకటనలు మొదలైతే వచ్చే మనుషులే మారిపోతారు, అప్పటి పోలిక లెక్కలోకి రాదు.

చూడాల్సింది రెండు మెట్ల మధ్య నిష్పత్తి. అంచుల స్క్రీన్ మాట మార్చితే, ఫోటో తీసినవాళ్లలో ఎందరు దాన్ని దాటారన్నదే చూడండి. పై ఊహా లెక్కలో 620లో 380, అంటే 61 శాతం. దాంతోపాటు ఎదురు లెక్క ఒకటి ఉండాలి. ‘ఉంది, కత్తిరించు’ అని తేలిగ్గా నొక్కించేశాం కాబట్టి, వంకర గీతను కూడా చూసుకోకుండా దాటేస్తున్నారేమో? సేవ్ అయిన కాసేపటికే అదే కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసేవాళ్లు పెరిగితే అదే జరుగుతోందని అర్థం. టూల్‌టిప్‌ను ఎందరు ‘పూర్తిగా చూశారు’ అన్న లెక్కను మాత్రం నమ్మకండి. మా ఐదు టూల్‌టిప్‌ల వరసను చివరిదాకా నొక్కినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆగిపోయి నావైపు చూసిన ఆ ఒకాయన కూడా ఆ లెక్కలో ఉన్నారు.

మాటలతో తీరని చిక్కూ ఒకటి ఎదురైంది. తెల్లకాగితాన్ని తెల్లటి బల్ల మీద పెడితే అంచులు కనిపెట్టే కోడ్‌కు గీత గీయడానికి ఏమీ దొరకదు. మొదట దీన్ని కూడా మొదటి స్క్రీన్ మీదే సలహాగా పెట్టాలని ఎవరో అన్నారు. అక్కడ పెట్టలేదు. ఇప్పుడు వరసగా రెండుసార్లు అంచులు దొరకకపోతేనే, కెమెరా స్క్రీన్ మీద ‘నాలుగు మూలలూ’ అన్న వరస స్థానంలో ఇది వస్తుంది: “అంచులు దొరకడం లేదు. కాగితాన్ని ముదురు రంగు మీద పెట్టి చూడండి.” ఆ వాక్యం ఎప్పుడూ కనబడని యూజర్లే ఎక్కువ. కనబడినవాళ్లు మాత్రం చదివి, లేచి, కాగితాన్ని వేరే చోటికి మారుస్తున్నారు.